బ్లాక్ పని చేయలేదు, ఇంకో ఇంజెక్షన్ ఇవ్వొచ్చా?

కడప, కర్నూలు వైపు హౌస్ సర్జన్లు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. జవాబు సిరంజిలో లేదు, పేషెంట్ బరువులో ఉంది. ఒక కేసు చెబుతాను.

రాయచోటి దగ్గర పల్లె నుంచి ఒకమ్మ ఐదేళ్ల పిల్లోణ్ణి తీసుకొచ్చింది. కింది దవడ పన్ను తీయాలి. బరువెంతమ్మా అంటే "పద్దెనిమిది కిలోలు ఉంటాడు సార్" అంది. కాటా మీద నిలబెడితే పదిహేనే. అందుకే నోటిమాట నమ్మొద్దంటాను.

ఇప్పుడు లెక్క. లిగ్నోకెయిన్‌కి నేను పాటించే హద్దు కిలోకి 4.4 మిల్లీగ్రాములు. ఇంతకంటే ఎక్కువ రాసిన పుస్తకాలూ ఉన్నాయి, పిల్లల దగ్గర నేను ఈ తక్కువ అంకె దాటను. 15 × 4.4 అంటే 66 మిల్లీగ్రాములు. 2 శాతం మందులో ఒక్కో ఎం.ఎల్.కి 20 మిల్లీగ్రాములు. అంటే 3.3 ఎం.ఎల్., అంతే. తల్లి చెప్పిన బరువుతో వేసుంటే దాదాపు 4 వచ్చేది.

మా జూనియర్ బ్లాక్‌కి 1.5, బుగ్గ వైపు 0.3 ఇచ్చాడు. పది నిమిషాలైనా కింది పెదవి తిమ్మిరెక్కలేదు. పెదవి మొద్దుబారలేదంటే మందు నరం దగ్గరికి చేరలేదన్నమాట. చిన్నపిల్లల్లో నరం ఎముకలోకి దిగే రంధ్రం పెద్దవాళ్లకంటే కిందికి ఉంటుంది. ఈయన పెద్దవాళ్ల ఎత్తులోనే సూది పెట్టాడు. కాస్త దించి, పిస్టన్ వెనక్కి లాగి రక్తం రాలేదని చూసుకుని, మెల్లగా ఇంకో 1.5 ఇచ్చాం. పెదవి మొద్దుబారింది. కూడండి: సరిగ్గా 3.3. అదీ పట్టకపోయుంటే ఆ రోజుకి ఆపి ఇంటికి పంపేవాళ్లం.

మన దగ్గర 30 ఎం.ఎల్. సీసా వాడతాం కదా, అక్కడే లెక్క తప్పుతుంది. కార్ట్రిడ్జ్ అయితే ఖాళీవి లెక్కపెట్టుకోవచ్చు. సీసాలోంచి లాగేటప్పుడు ప్రతిసారీ కేస్ షీట్ మీద రాయాల్సిందే. డోసు ఎక్కువైతే ముందు నోటి చుట్టూ జివజివ, చెవుల్లో హోరు, మగత, లేదా ఉన్నట్టుండి వదరడం. తర్వాత కండరాలు అదురుతాయి, ఫిట్స్ వస్తాయి. గుండె దడ, చేతుల వణుకు వచ్చి కొద్ది నిమిషాల్లో తగ్గితే అది చాలావరకు అడ్రినలిన్ పని.

అడ్రినలిన్ అన్నాను కాబట్టి, గుండెజబ్బు ఉన్నవాళ్లకి అది అసలే వద్దా అని అడుగుతారు. జబ్బు అదుపులో ఉంటే కొద్దిగా ఇవ్వొచ్చు. అది లేకపోతే మందు త్వరగా రక్తంలోకి పోతుంది, పన్ను తీసేలోపే తిమ్మిరి దిగుతుంది. ఆ నొప్పికి ఒళ్లే అడ్రినలిన్ వదులుతుంది. అయితే ఇక్కడ హద్దు మారుతుంది. 60 కిలోల మనిషికి లిగ్నోకెయిన్ లెక్కన 13.2 ఎం.ఎల్. దాకా పోవచ్చు. కానీ గుండె పేషెంట్‌కి అడ్రినలిన్ 0.04 మిల్లీగ్రాములు దాటకూడదు. 1:80,000 మందులో అది 3.2 ఎం.ఎల్.కే అయిపోతుంది. 1:2,00,000 సీసా అయితే 8 ఎం.ఎల్. కాబట్టి సూది ఎక్కించే ముందు సీసా మీద ఆ అంకె చదవండి.