పిల్లల ఫిట్స్ మందు: ఒక పూట మరిచిపోతే

మూడేళ్ల పాప, బరువు 12 కిలోలు. ఫిట్స్ వచ్చాయని డాక్టరు లెవెటిరాసిటామ్ సిరప్ రాసి, పొద్దున 8 గంటలకు ఒకసారి, రాత్రి 8 గంటలకు ఒకసారి వేయమన్నారు అనుకుందాం. ఒక రోజు చుట్టాలు వచ్చిన హడావిడిలో పొద్దుటి మందు పడలేదు. 11 గంటలకు తల్లికి గుర్తొచ్చింది. ఇప్పుడు వేయాలా? వదిలేసి రాత్రికి రెండు పూటలదీ కలిపి వేయాలా? పక్కింటావిడ కొడుకూ ఫిట్స్ మందు మీదే ఉన్నాడు. "మా వాడికి ఒక రాత్రి మరిచిపోయి మర్నాడు పొద్దున లేచాక వేశాం వదినా, ఏమీ కాలేదు" అంటుందావిడ. ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. కాకపోతే ఆ పిల్లవాడు వాడేది ఫినోబార్బిటోన్. ఆ మందుకు పనికొచ్చే నియమం ఈ మందుకు పనికిరాదు. ఎందుకు పనికిరాదో తెలిస్తే మరిచిపోయిన పూట ఏం చేయాలన్నది చాలావరకు తేలిపోతుంది.

ఒంట్లోకి వెళ్లిన మందులో సగం బయటికి పోవడానికి పట్టే సమయం మందును బట్టి మారుతుంది. లెవెటిరాసిటామ్‌కు పెద్దల్లో ఇది ఆరు నుంచి ఎనిమిది గంటలు. పిల్లల మూత్రపిండాలు, కిలో బరువు లెక్కన చూస్తే, ఈ మందును పెద్దలకంటే వేగంగా బయటికి పంపేస్తాయి. అందుకే పిల్లల్లో ఐదారు గంటలకే సగం తగ్గుతుంది. ఆరు గంటలని లెక్క వేసుకుంటే, పొద్దున 8కి వేసిన మందు రాత్రి 8 అయ్యేసరికి నాలుగో వంతే మిగులుతుంది. అప్పుడు తర్వాతి డోసు పడుతుంది. మధ్యలో ఒక పూట తప్పితే అసలు డోసు పడి 24 గంటలు అవుతుంది, మిగిలేది పదహారో వంతు. అంటే దాదాపు ఏమీ లేనట్టే.

ఫినోబార్బిటోన్ దీనికి పూర్తిగా వేరు. 1912లో జర్మనీలో ఆల్‌ఫ్రెడ్ హాప్ట్‌మన్ అనే డాక్టరు నిద్ర కోసం ఇచ్చిన ఈ మందు ఫిట్స్‌ను తగ్గిస్తోందని గమనించాడు. అప్పటినుంచి నేటిదాకా వాడుకలో ఉంది. మన దగ్గర చాలామందికి గార్డినాల్ అన్న పేరుతో తెలుసు. ఏడాది దాటిన పిల్లల్లో దీనిలో సగం పోవడానికి రెండు మూడు రోజులు పడుతుంది. మూడు రోజులని తీసుకుంటే, ఒక రోజు గడిచాక కూడా దాదాపు 80 శాతం మిగిలే ఉంటుంది. ఒక డోసు పూర్తిగా తప్పి రెండు రోజులైనా 60 శాతం పైనే ఉంటుంది. పక్కింటి పిల్లవాడికి ఏమీ కాకపోవడానికి కారణం ఇదే. సాధారణంగా దీన్ని రోజుకు ఒక్కసారి, మగతగా ఉంటుంది కాబట్టి రాత్రి పడుకునే ముందు ఇస్తారు. కొందరు డాక్టర్లు రెండుగా విడదీసి రాస్తారు, అదీ తప్పు కాదు.

ఇప్పుడు మన పాప లెక్క చూద్దాం. లెవెటిరాసిటామ్ మొదలుపెట్టేటప్పుడు మామూలుగా రోజు మొత్తానికి కిలోకు 20 మిల్లీగ్రాములు ఇస్తారు. 12 కిలోలకు 240 మిల్లీగ్రాములు. దాన్ని రెండుగా చేస్తే పూటకు 120. మన దగ్గర దొరికే సిరప్‌లో సాధారణంగా ఒక్కో మిల్లీలీటరులో 100 మిల్లీగ్రాముల మందు ఉంటుంది కాబట్టి పూటకు 1.2 మిల్లీలీటర్లు. ఫిట్స్ ఆగకపోతే కొన్నాళ్ల తేడాతో మెల్లగా పెంచుతారు. కిలోకు 40కి చేరితే రోజుకు 480, పూటకు 2.4 మిల్లీలీటర్లు. అవసరమైన పిల్లలకు కిలోకు 60 దాకా కూడా వెళతారు. ఆరునెలల లోపు పసివాళ్లకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఈ లెక్కలు మారతాయి. ఇవన్నీ చీటీలో రాసిన అంకె ఎలా వచ్చిందో అర్థం కావడానికే తప్ప, ఇంట్లో కూర్చుని డోసు పెంచుకోవడానికి కాదు.

రెండు పూటలు అన్నప్పుడు మధ్య దూరం సమానంగా ఉండాలి. ఇక్కడ చాలా ఇళ్లలో పొరపాటు జరుగుతోంది. పాప ఆలస్యంగా లేస్తుందని పొద్దున 10కి వేసి, చీకటిపడితే నిద్రపోతుందని సాయంత్రం 5కే రెండోది వేసేస్తారు. చీటీ ప్రకారం రెండు పూటలూ వేసినట్టే. కానీ సాయంత్రం 5 నుంచి మర్నాడు 10 వరకు 17 గంటలు. అప్పటికి ఆ డోసులో మిగిలేది ఏడో వంతు. తెల్లవారుజామున ఫిట్స్ వస్తే "మందు వేస్తున్నా వచ్చాయి" అని బాధపడతారు, డాక్టరు డోసు పెంచాల్సి వస్తుంది. నిజానికి పెంచాల్సింది డోసు కాదు, సర్దాల్సింది సమయాలు. 7కి, 7కి అయినా సరే, 8కి, 8కి అయినా సరే, బడి ఉన్న రోజూ సెలవు రోజూ ఒకేలా కుదిరే వేళ ఎంచుకోవాలి. కొందరు పిల్లలకు డాక్టరు అదే 480ని మూడుగా విడదీసి, పూటకు 1.6 మిల్లీలీటర్లు రాయవచ్చు. రోజు మొత్తం మందు మారదు, ఒంట్లో ఎక్కువ తక్కువలు తగ్గుతాయి, అంతే.

ఇక మరిచిపోయిన పూట సంగతి. రోజుకు రెండుసార్లు వేసే లెవెటిరాసిటామ్‌కు పిల్లల డాక్టర్లు చెప్పే జాగ్రత్త నియమం నాలుగు గంటలు. వేయాల్సిన వేళ దాటి నాలుగు గంటల లోపు గుర్తొస్తే వెంటనే వేసి, తర్వాతి డోసు మామూలు వేళకే వేయాలి. మన పాపకు 11 గంటలకు గుర్తొచ్చింది, మూడు గంటలే ఆలస్యం. కాబట్టి 1.2 మిల్లీలీటర్లు అప్పుడే వేసి, రాత్రి 8కి మళ్లీ 1.2 వేయాలి. అదే మధ్యాహ్నం 3కి గుర్తొచ్చి ఉంటే ఆ డోసు వదిలేసి, రాత్రి 8కి ఒక్క పూట మందే వేయాలి. కొందరు డాక్టర్లు ఆరు గంటల దాకా వేయమంటారు. ఫిట్స్ తరచుగా వచ్చే పిల్లలకు ఎంతసేపైనా ఫోన్ చేయమని చెప్పేవారూ ఉన్నారు. మీ డాక్టరు చెప్పిన గంటలే మీకు లెక్క. మూడుసార్లు వేస్తున్నవాళ్లకు ఈ గడువు ఇంకా తగ్గుతుంది.

రోజుకు ఒక్కసారి వేసే ఫినోబార్బిటోన్‌కు గడువు 12 గంటల వరకు ఉంటుంది. రాత్రి 9కి మరిచిపోయి పొద్దున 7కి గుర్తొస్తే వేయవచ్చు, ఆ రోజు కాస్త మగతగా ఉంటాడు. మధ్యాహ్నం గుర్తొస్తే వదిలేసి రాత్రి డోసు రాత్రికే వేయాలి. రెండు మందుల్లో దేనికైనా ఒకటే నిషేధం: తప్పిన డోసును తర్వాతి దానితో కలిపి రెండింతలు వేయకూడదు. ఫినోబార్బిటోన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. నెమ్మదిగా పోయే మందు కాబట్టి ఎక్కువైనది కూడా నెమ్మదిగానే దిగుతుంది. తూలుతూ నడవడం, లేపినా సరిగా లేవకపోవడం, శ్వాస మందగించడం కనబడితే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

"ఏమీ కాలేదు" అన్న ధైర్యంలో ఒక ప్రమాదం ఉంది. ఫినోబార్బిటోన్ ఒంట్లో నిలకడైన స్థాయికి రావడానికి రెండు మూడు వారాలు పడుతుంది, లెవెటిరాసిటామ్‌కు రెండు రోజులు చాలు. వారంలో రెండు మూడు రాత్రులు మందు తప్పుతుంటే ఫినోబార్బిటోన్ స్థాయి చప్పుడు లేకుండా దిగుతూ పోతుంది. ఫిట్స్ మందు మానిన రోజున రావు, ఎన్నో రోజుల తర్వాత వస్తాయి. అప్పుడు ఎవరూ ఈ రెండింటినీ కలిపి చూడరు. ఒక్కసారిగా ఆపేస్తే మాత్రం మానిన కారణంగానే ఆగని ఫిట్స్ రావచ్చు. ఈ మందు చీటీ లేకుండా ఇవ్వరు, అన్ని షాపుల్లోనూ ఉండదు. దసరాకో సంక్రాంతికో ఊరికి వెళ్లేముందు సీసాలో ఎంత మిగిలిందో చూసుకుని, వారానికి సరిపడా ఎక్కువ ఉంచుకోవాలి. వరసగా రెండు డోసులు తప్పితే, ఏ మందైనా సరే, డాక్టరుకు చెప్పాలి.

మందు వేశాక పిల్లలు కక్కేస్తే? అరగంట లోపే కక్కితే అదే డోసు మళ్లీ ఒకసారి వేయవచ్చు. అరగంట దాటితే వేయనక్కర్లేదు. రెండోసారి వేసినదీ కక్కితే మూడోసారి వేయకుండా డాక్టరును అడగాలి. ఫిట్స్ వస్తున్న సమయంలో మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే, డాక్టరు ముందే ముక్కులో కొట్టే మందు రాసి ఉంటే అది వాడి, ఆసుపత్రికి బయల్దేరాలి.

మరో పొరపాటు సీసాల దగ్గర జరుగుతుంది. చీటీలో మిల్లీగ్రాములు ఉంటాయి, సిరంజి మీద మిల్లీలీటర్లు ఉంటాయి. మన పాపకు లెవెటిరాసిటామ్‌కు బదులు ఫినోబార్బిటోన్ రాశారనుకోండి. కిలోకు రోజుకు 4 మిల్లీగ్రాములంటే 48 మిల్లీగ్రాములు. 5 మిల్లీలీటర్లలో 20 మిల్లీగ్రాములు ఉండే సిరప్ అయితే 12 మిల్లీలీటర్లు. ఒక మందు 1.2, ఇంకో మందు 12. రెండూ "ఫిట్స్ సిరప్పే". మందు మార్చినప్పుడు పాత సీసా, పాత అలవాటు ఇంట్లోనే ఉంటాయి. పాత కొలతతో 1.2 మిల్లీలీటర్ల ఫినోబార్బిటోన్ వేస్తే పడాల్సిన దాంట్లో పదో వంతే పడుతుంది. పొరపాటున 12 మిల్లీలీటర్ల లెవెటిరాసిటామ్ పోస్తే ఒక్క పూటకే 1200 మిల్లీగ్రాములు పడతాయి. చెంచాతో కొలవకండి. ఇన్సులిన్ సిరంజి వాడకండి, దాని మీద ఉండేవి యూనిట్లు, మిల్లీలీటర్లు కావు. సూది లేని మామూలు సిరంజి మీద మీ గీత దగ్గర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. మాత్రలకు మారితే, నెమ్మదిగా విడుదలయ్యే రకం మాత్రను నలగ్గొట్టకూడదు.

అమ్మ వేసిందని అమ్మమ్మ, అమ్మమ్మ వేసిందని అమ్మ ఊరుకోవడం, లేదా ఇద్దరూ వేయడం కూడా జరుగుతుంటుంది. గోడ క్యాలెండరు మీద తేదీ పక్కన రెండు గీతలు, వేసినప్పుడల్లా ఒకటి కొట్టేస్తే చాలు. ఏడాదికి పాప 15 కిలోలు అయిందనుకోండి, 480 మిల్లీగ్రాములు కిలోకు 32కి దిగినట్టే. ఫిట్స్ రాకపోతే డాక్టరు అలాగే ఉంచవచ్చు, పెంచవచ్చు. ఆ నిర్ణయానికి ఆ క్యాలెండరు, కొత్త బరువు రెండూ కావాలి. లెవెటిరాసిటామ్ మొదలయ్యాక పిల్ల చిరాకు పడుతోంటే, కొడుతోంటే, దాన్నీ చెప్పండి. మందు వల్ల అయి ఉండవచ్చు, దానికి మార్గాలున్నాయి. తల్లిదండ్రులే విసిగి మానేయడం మాత్రం వద్దు.

ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మూడు విషయాలు చీటీ మీదే రాయించుకోండి: పూటకు ఎన్ని మిల్లీలీటర్లు, ఏ వేళల్లో, మరిచిపోతే ఎన్ని గంటల దాకా వేయవచ్చు. ఆ కాగితాన్ని సీసా ఉండే అరలోనే అంటించండి.