ఇంటర్వ్యూ అయ్యాక నాలుగు వాక్యాలు

ఇంటర్వ్యూ ముగించుకుని వచ్చాక మనలో చాలామంది హెచ్ఆర్ ఫోన్ కోసం ఎదురుచూడటం తప్ప ఇంకేమీ చేయరు. అమెరికాలో ఉద్యోగాలు వెతుక్కునే మనవాళ్లకు మాత్రం ఇంకో పని అలవాటే. మాట్లాడినవారికి ఒక రోజు తిరక్కుండా ధన్యవాదాల మెయిల్ పంపిస్తారు. ఇక్కడ అది అంతగా వాడుకలో లేదు కాబట్టి, పంపినవారు గుర్తుండే అవకాశం ఇంకా ఎక్కువ.

ఒక రోజే ఎందుకు? అభ్యర్థి గురించి తమ అభిప్రాయాన్ని చాలామంది ఆ రోజో మర్నాడో రాసి హెచ్ఆర్‌కు ఇచ్చేస్తారు. ఆ తర్వాత వచ్చే మెయిల్ మర్యాదగా మిగులుతుంది, అంతే.

అయితే "మీ అమూల్యమైన సమయం కేటాయించినందుకు కృతజ్ఞతలు" అన్న వాక్యం ఏ కంపెనీకైనా సరిపోతుంది. అంటే ఎవరికీ ఏమీ చెప్పదు. ఆ గదిలో కూర్చున్నవారు తప్ప రాయలేని మాట ఒకటి ఉండాలి. ఒక మందుల పంపిణీ సంస్థలో అకౌంట్స్ ఉద్యోగం అనుకుందాం. కొందరు సప్లయర్లు జీఎస్టీ రిటర్న్ ఆలస్యంగా వేస్తుంటే లెక్కలు కుదరడం లేదని మేనేజరు మాటల్లో చెప్పారు. మెయిల్ ఇలా ఉండొచ్చు:

"నమస్తే సార్. ఈ రోజు నాతో మాట్లాడినందుకు ధన్యవాదాలు. సప్లయర్ల ఆలస్యం వల్ల కొన్ని బిల్లులు జీఎస్టీఆర్-2బిలో కనిపించడం లేదన్నారు కదా. నేను పనిచేసే చోట నెలనెలా 14న 2బి రాగానే, అందులో లేని బిల్లులను సప్లయర్ వారీగా విడదీసి వాళ్లకు ఫోన్లు చేస్తుంటాను. ఆ పట్టిక ఎలా తయారుచేస్తానో కావాలంటే వివరిస్తాను."

మేనేజరు ఇబ్బందికీ అభ్యర్థి చేస్తున్న పనికీ ఇక్కడ ముడిపడింది. ఆ పని నిజంగా చేసి ఉంటేనే రాయాలి సుమా, రెండో రౌండులో అడిగేది దాని గురించే. ఇప్పటి యజమాని అంకెలు, సప్లయర్ల పేర్లు మాత్రం బయటపెట్టకూడదు.

ఆ ఒక్క మాట సాయంత్రానికే మరుపున పడుతుంది. బయటికి రాగానే, ఎవరేమన్నారో పేర్లతో సహా ఫోన్‌లో రాసుకోవాలి. ముగ్గురు కూర్చుంటే ముగ్గురికీ ఒకే మెయిల్ కాపీ చేయకండి, వాళ్లు ఒకరికొకరు చూపించుకుంటారు. వారి మెయిల్ ఐడీ లేకపోతే హెచ్ఆర్‌కు పంపి, అందజేయమని కోరవచ్చు. రాత్రి పదింటికి వాట్సాప్‌లో పలకరించడం, జీతం ఎత్తడం, తప్పు చెప్పిన జవాబుకు పేజీడు సంజాయిషీ ఇవ్వడం ఉన్న మంచి పేరును కూడా చెడగొడతాయి.

ఇంటర్వ్యూ బాగా జరగకపోతే ఈ మెయిల్ దాన్ని మార్చలేదు. ఇద్దరు సమానంగా తూగినప్పుడే దీనికి కాస్త బలం. ప్రభుత్వ నియామకాల్లో మాత్రం దీని జోలికే వెళ్లొద్దు. సర్వీస్ కమిషన్ల నిబంధనల్లో సిఫార్సు ప్రయత్నాలకు అనర్హత వేటు ఉంది, బోర్డు సభ్యులకు రాసే ఉత్తరం ఆ కోవలోకే వచ్చే ప్రమాదముంది.