ఎదురెదురుగా విసిరిన బంతులు కలిసేదెక్కడ?

నేలకు 50 మీటర్ల ఎత్తున్న మేడ పైనుంచి ఒక బంతిని సెకనుకు 5 మీటర్ల వేగంతో కిందికి విసిరారు. అదే క్షణంలో, దానికి సరిగ్గా కింద, 5 మీటర్ల ఎత్తులోని బాల్కనీ నుంచి మరో బంతిని సెకనుకు 25 మీటర్ల వేగంతో పైకి విసిరారు. రెండూ ఎప్పుడు, ఎక్కడ ఎదురుపడతాయి?

గురుత్వాకర్షణ లెక్కను చిక్కు చేస్తుందనిపిస్తుంది గానీ, కలిసే సమయానికి దానితో పనే లేదు. అది రెండు బంతుల వేగాన్నీ ఒకే దిశలో, ఒకే మేరకు మారుస్తుంది. అందువల్ల వాటి మధ్య దూరం తరిగే వేగం మొదటి నుంచి చివరి దాకా 5+25, అంటే సెకనుకు 30 మీటర్లే. ఎడం 45 మీటర్లు కాబట్టి అవి 1.5 సెకన్లకు కలుస్తాయి. ఈ లెక్కలో ఇంతకన్నా అందమైన విషయం లేదు.

గురుత్వం అవసరపడేది చోటు తేల్చడానికి. 1.5 సెకన్లలో పై బంతి తన తొలి వేగంతో 7.5 మీటర్లు, గురుత్వం వల్ల (½×9.8×1.5²) దాదాపు 11 మీటర్లు దిగుతుంది. 50 నుంచి ఆ 18.5 తీసేస్తే 31.5 మీటర్లు. కింది బంతి వైపు నుంచి 5+37.5−11 చేసినా అంతే రావాలి. రాకపోతే ఎక్కడో గుర్తు తప్పినట్టే.

కింది బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతోనే విసిరితే సమయం 3 సెకన్లు, ఎత్తు −9.1 మీటర్లు వస్తాయి. రుణ సంఖ్యకు అర్థం, కలవకముందే బంతులు నేలను తాకాయని. గాలి నిరోధం ఉన్నా, ఒకటి ఆలస్యంగా బయల్దేరినా ఈ సులువైన భాగహారం నేరుగా పనిచేయదు.