పెద్ద ఆర్డరు ఆగిపోతే?

బ్యాంకుకిచ్చే ప్రాజెక్టు రిపోర్టులో ‘అనుకోని పరిస్థితులు’ అనే పేజీని చాలామంది నాలుగు ముక్కల్లో ముగిస్తారు: “కొత్త కస్టమర్లను వెతుక్కుంటాం.” అక్కడ రాయాల్సింది లెక్క.

బాలానగర్‌లో ఒక చిన్న లేత్ వర్క్‌షాపు ఉందనుకుందాం. నెలకు 10 లక్షల అమ్మకాలు, అందులో 6 లక్షలు ఒకే కంపెనీవి. ముడిసరుకుకు అమ్మకాల్లో సగం పోతుంది. జీతాలు, అద్దె, మిషన్ల కిస్తీలు కలిపి మూడున్నర లక్షలు; ఆర్డరున్నా లేకున్నా ఇవి కట్టాల్సిందే. ఆ కంపెనీ తప్పుకుంటే మిగిలేది 4 లక్షల పని. సరుకు ఖర్చు పోగా చేతికొచ్చేది 2 లక్షలు. అంటే నెలకు లక్షన్నర లోటు. కొత్త కంపెనీకి శాంపిళ్లు పంపి, ఒప్పించి, ఆర్డరు తెచ్చుకోవడానికి ఆరు నెలలు పడుతుందనుకుంటే 9 లక్షలు కావాలి. ఆ డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉందా, ఓవర్‌డ్రాఫ్ట్‌లో దొరుకుతుందా అన్నది ఆ పేజీలో ఉండాలి.

అసలు దెబ్బ పాత బాకీలది. రెండు నెలల అరువంటే 12 లక్షలు అవతలే చిక్కుకుంటాయి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారుకు రాతపూర్వక ఒప్పందమున్నా 45 రోజుల్లోపు చెల్లించాలి. అయితే ఉన్న ఒక్క పెద్ద కస్టమరుపై ఫిర్యాదుకెళ్లే ధైర్యం ఎందరికుంటుంది?

అందుకే హెచ్చరిక గుర్తులు ముందే రాసుకోవాలి. వరుసగా రెండు నెలలు ఆర్డరు తగ్గినా, బిల్లు 45 రోజులు దాటినా అరువు పరిమితి తగ్గించాలి, కొత్త మిషను కొనుగోలు ఆపాలి. ఆ నిర్ణయం ఎవరిదో పేరుతో సహా ఉండాలి.