ఉంగరం లోపల ఉన్న అంకె

కొత్త ఉంగరాన్ని వెలుతురులో తిప్పి లోపలివైపు చూడండి. బీఐఎస్ త్రికోణం గుర్తు పక్కన 22K916 అనో 18K750 అనో సన్నగా చెక్కి ఉంటుంది. బంగారాన్ని 24 పాళ్లుగా లెక్కిస్తే అందులో 22 పాళ్లు బంగారమైతే 22 క్యారెట్లు. అంటే వెయ్యికి 916 వంతులు. 18 క్యారెట్లయితే 750 వంతులే. మిగతాది రాగి, వెండి లాంటి లోహాలు.

పది గ్రాముల ఉంగరంలో ఈ తేడా గ్రామున్నరకు పైనే. అమ్మేటప్పుడు 18 క్యారెట్లకు ఆ మేరకు తక్కువే వస్తుంది. కానీ రోజూ పెట్టుకునే రాళ్ల ఉంగరం సంగతి వేరు. గిన్నెలు తోముతుంటే, బస్సులో కమ్మీ పట్టుకుంటే 22 క్యారెట్ల ఉంగరం మెత్తదనం వల్ల త్వరగా గీతలు పడుతుంది, వంకర పోతుంది. రాయిని పట్టుకునే సన్నని కాళ్లు కాస్త విచ్చుకున్నా రాయి జారిపోతుంది. చీర పోగులు అక్కడ చిక్కుకుంటున్నా, చెవి దగ్గర ఆడిస్తే టిక్కుమన్నా కాళ్లు వదులైనట్టే. కలిపిన లోహం ఎక్కువ కాబట్టి 18 క్యారెట్లు గట్టిగా పట్టుకుంటాయి. రంగు మాత్రం కాస్త పాలిపోయినట్టుంటుంది. మన కళ్లకది ఓ పట్టాన నచ్చదు.

గాజులు, గొలుసులు 22లో చేయించుకోండి. రోజూ వేలికుండే వజ్రపుటుంగరానికి మాత్రం 18 చాలు.