కె-మ్యాప్ జవాబును సరిచూడాల్సింది మ్యాప్‌తో కాదు

కె-మ్యాప్‌లో గుంపులు చక్కగా కుదిరినా జవాబు తప్పు కావచ్చు. ఒకటి చూద్దాం. A, B, C మూడు చలరాశులు. ట్రూత్ టేబుల్‌లో 1, 3, 6, 7 వరుసల్లో అవుట్‌పుట్ 1, మిగతా చోట్ల 0. వరుసల లెక్క సున్నా నుంచి మొదలు. ఒక విద్యార్థికి వచ్చిన జవాబు ఇది:

F = AB + BC' + A'B'C

పేపరు ఇచ్చేముందు ఒక్కో పదం ఏ వరుసల్లో 1 అవుతుందో టేబుల్ పక్కన టిక్ పెట్టాలి. AB అంటే 6, 7. BC' అంటే 2, 6. A'B'C అంటే 1. టిక్‌లు పడ్డవి 1, 2, 6, 7. రెండో వరుసకు అనవసరంగా పడింది, మూడో వరుసకు పడలేదు.

ఈ జంటే తప్పు ఎక్కడుందో చెబుతుంది. మ్యాప్‌లో నిలువు వరుసల క్రమం 00, 01, 11, 10. విద్యార్థి టేబుల్‌ను పైనుంచి కిందికి చదువుతూ గడులను వరసగా నింపేశాడు. 2, 3 తారుమారయ్యాయి. 6, 7 కూడా మారాయి కానీ రెండూ 1 కాబట్టి బయటపడలేదు. మ్యాప్‌తోనే సరిచూసుకుంటే ఇది ఎప్పటికీ దొరకదు, ఎందుకంటే తప్పు అందులోనే ఉంది.

సరైన జవాబు A'C + AB. దీనికి BC కలిపినా టిక్‌లు మారవు. 3, 7 ముందే ఉన్నాయి. అంటే అదనపు గుంపును ఈ పరీక్ష తప్పు పట్టదు. ఏ వరుసకైనా రెండు టిక్‌లు పడితే, వాటిలో ఒక పదాన్ని తీసేసి చూడాలి.