నక్షత్రం కాలేకపోయిన గోళం

గ్లీజ్ 229 మనకు సుమారు 19 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న చిన్న ఎర్ర నక్షత్రం. దాని పక్కన మసకగా ఒక చుక్క ఉందని 1995లో ఖగోళ శాస్త్రవేత్తలు ప్రకటించారు. అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీ నుంచి దాన్ని పట్టుకున్న బృందంలో మహారాష్ట్రలో పుట్టిన శ్రీనివాస్ కులకర్ణి కూడా ఉన్నారు. చుక్కకు గ్లీజ్ 229బి అని పేరు పెట్టారు. దాని కాంతిని విడదీసి చూస్తే మీథేన్ వాయువు జాడ స్పష్టంగా కనిపించింది. నక్షత్రాల వేడికి మీథేన్ నిలవదు, విడిపోతుంది. గురుగ్రహం వంటి చల్లని చోట్లే అది ఉంటుంది. అంటే ఈ చుక్క నక్షత్రం కాదు. అలాగని గ్రహం అనడానికీ వీల్లేనంత బరువుంది. ఇలాంటి వాటినే బ్రౌన్ డ్వార్ఫ్‌లు, గోధుమవర్ణ మరుగుజ్జులు అంటారు.

నక్షత్రమూ, బ్రౌన్ డ్వార్ఫూ ఒకే తీరుగా పుడతాయి. అంతరిక్షంలోని వాయు మేఘంలో ఒక ముద్ద తన బరువుకు తానే లోపలికి కుంగుతుంది. కుంగేకొద్దీ నడిమి భాగం వేడెక్కుతుంది. ఆ వేడి సుమారు 30 లక్షల డిగ్రీలకు చేరితే హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తినివ్వడం మొదలుపెడతాయి. పైకి పోయే వేడికి సరిపడా లోపల పుడుతుంటుంది కాబట్టి కుంగడం ఆగుతుంది. నక్షత్రం వెలగడమంటే ఇదే.

మరి బ్రౌన్ డ్వార్ఫ్ ఆ వేడి దాకా ఎందుకు వెళ్లలేదు? ఇంకా కుంగి వేడెక్కవచ్చు కదా? అడ్డుపడేవి ఎలక్ట్రాన్లు. వాటి నియమాన్ని సినిమా హాలుతో పోల్చవచ్చు. ఒక సీటులో ఒక్కరే కూర్చోవాలి. ముందు వరుసలు నిండాక వచ్చేవారికి పై వరుసలే గతి. వాయువును గట్టిగా నొక్కినప్పుడు తక్కువ శక్తి స్థాయిలు నిండిపోయి, మిగిలిన ఎలక్ట్రాన్లు ఎక్కువ శక్తి ఉన్న స్థాయిలకు పోవలసి వస్తుంది. అలా వేగం పెరిగిన ఎలక్ట్రాన్లు నొక్కుడును ఎదిరిస్తాయి. ఈ ఎదిరింపుకు వేడితో దాదాపు పనిలేదు. గోళం చల్లారినా అది తగ్గదు. అందుకే మంట అంటుకోకముందే కుంగుబాటు నిలిచిపోతుంది. నడిమి వేడి ఒక గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి దిగడం మొదలవుతుంది. ఇక ఎంత కాలం గడిచినా అది వెలగదు.

ఈ లెక్కను 1960ల తొలినాళ్లలోనే, ఇలాంటి గోళం ఒక్కటీ కంటపడకముందే, భారత్‌లో పుట్టిన శివ్ కుమార్ అనే శాస్త్రవేత్త వేశారు. ఆ కృషిని మనం ఇంకా ఎక్కువగా గుర్తుంచుకోవాలని నా అభిప్రాయం. నేటి లెక్కల ప్రకారం గీత సుమారు 75 గురుగ్రహాల బరువు దగ్గర ఉంది. సూర్యుడి బరువులో అది దాదాపు ఏడు శాతం. అంతకు తగ్గితే హైడ్రోజన్ మంట నిలవదు.

అయితే బ్రౌన్ డ్వార్ఫ్‌లో అసలేమీ మండదని కాదు. డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ తక్కువ వేడికే అంటుకుంటుంది. దానికి సుమారు 13 గురుగ్రహాల బరువు చాలు. కానీ లక్ష హైడ్రోజన్ పరమాణువుల్లో అది రెండో మూడో ఉంటుంది. అందుకే త్వరగా అయిపోతుంది. గ్రహాలకూ వీటికీ మధ్య ఈ 13నే చాలామంది సరిహద్దుగా వాడతారు. బయటి కొలత చూసి తేల్చలేం: బరువు ఎన్ని రెట్లున్నా పాత బ్రౌన్ డ్వార్ఫ్ సైజు దాదాపు గురుగ్రహమంతే. కారణం మళ్లీ ఆ ఎలక్ట్రాన్లే.

గ్లీజ్ 229బి దగ్గరికే వద్దాం. అది తన నక్షత్రాన్ని ఎంత లాగుతోందో ఏళ్ల తరబడి కొలిచి, బరువు సుమారు 71 గురుగ్రహాలని తేల్చారు. అక్కడే చిక్కొచ్చింది. అంత బరువైనది పుట్టినప్పుడు చాలా వేడిగా ఉండి, నెమ్మదిగా చల్లారాలి. దీని ఉపరితల వేడి మాత్రం 650 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూ. ఆ బరువుకు ఈ వెలుగు మరీ తక్కువ. చల్లారడంపై మన సిద్ధాంతం తప్పా అన్న అనుమానం కూడా పుట్టింది.

2024లో చిలీలోని వెరీ లార్జ్ టెలిస్కోప్‌కు చెందిన నాలుగు దర్పణాల కాంతిని కలిపి చూస్తే జవాబు దొరికింది. అది ఒకటి కాదు, రెండు. ఒకటి సుమారు 38 గురుగ్రహాల బరువు, రెండోది 34. 60 లక్షల కిలోమీటర్లకు కాస్త ఎక్కువ ఎడంలో, 12 రోజులకొకసారి ఒకదాన్నొకటి చుట్టివస్తున్నాయి. బరువు రెండింటి మధ్య పంచుకుంటే ఆ వెలుగు లెక్కకు సరిగ్గా సరిపోయింది. చల్లారే సిద్ధాంతంలో తప్పు లేదు.